ముగ్గురి అగ్రిమెంటులోంచి ఒకరు వెళ్లిపోతే

ముగ్గురు కలిసి సంతకం చేసిన అద్దె అగ్రిమెంటులోంచి ఒకరు బయటికి వెళ్లాలంటే, నిజానికి రెండు ఒప్పందాల్లోంచి బయటపడాలి. మొదటిది ఇంటి ఓనర్‌తో ముగ్గురూ కలిసి చేసుకున్నది. అది స్టాంపు కాగితం మీద ఉంటుంది. రెండోది ఆ ముగ్గురూ తమలో తాము చేసుకున్నది: ఏ గది ఎవరికి, అద్దెలో ఎవరి వాటా ఎంత, అడ్వాన్సులో ఎవరు ఎంత పెట్టారు అన్నది. ఇది ఎక్కువ ఇళ్లలో నోటి మాటగానో వాట్సాప్ గ్రూపులో పాత మెసేజ్‌గానో ఉంటుంది. గది ఖాళీ చేసి తాళంచెవి ఇచ్చేస్తే రెండూ తీరిపోయాయని వెళ్లేవారు అనుకుంటారు. చట్టం దృష్టిలో మాత్రం అంతవరకూ ఒక్కటి కూడా తీరినట్టు కాదు.

హైదరాబాద్‌లో కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగులు కలిసి తీసుకునే ఫ్లాట్లలో అగ్రిమెంటు సాధారణంగా 11 నెలలకే రాస్తారు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఈ 11 నెలల అలవాటు వచ్చింది. ఇప్పటి అద్దెల స్థాయిలో ఇలాంటి ఫ్లాట్లు చాలావరకు పాత అద్దె నియంత్రణ చట్టం పరిధిలోకి రావు. వాటికి వర్తించేవి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, అన్నిటికన్నా ముందు ఆ అగ్రిమెంటులో రాసుకున్న షరతులు.

అందుకే నోటీసు రాయడానికి ముందు అగ్రిమెంటు తీసి చదవాలి. చూడాల్సిన మొదటి చోటు మొదటి పేజీయే. ముగ్గురి పేర్లూ రాసి, 'ఇకపై వీరిని కలిపి అద్దెదారు అని వ్యవహరించడమైనది' అన్న వాక్యం అక్కడ ఉంటుంది. ఆ తర్వాత ఏ పేజీలో 'అద్దెదారు' అని ఉన్నా దానర్థం ముగ్గురూ కలిపి అని. 'అద్దెదారు ఒక నెల ముందుగా నోటీసు ఇచ్చి ఇల్లు ఖాళీ చేయవచ్చు' అని షరతు ఉంటే, ముగ్గురూ కలిసి నోటీసు ఇచ్చి ముగ్గురూ ఖాళీ చేయవచ్చని దాని భావం. ఒకరు మాత్రమే ఇచ్చిన నోటీసుతో లీజు రద్దు కాదు, ఆ ఒకరి పేరు దానంతటదే అగ్రిమెంటులోంచి పోదు. ఆ నోటీసు చేసే పని వేరు. వెళ్లిపోవాలన్న నిర్ణయాన్ని, తేదీని అది రికార్డు చేస్తుంది. మిగతా ఇద్దరికీ ఓనర్‌కీ ఏర్పాట్లు చేసుకునే వ్యవధి ఇస్తుంది. పేరు పోవాలంటే ఓనర్ ఒప్పుకుని సంతకం చేయాలి.

రెండో చోటు లాక్-ఇన్ షరతు. మొదటి ఆరు నెలల లోపు ఖాళీ చేయకూడదని, చేస్తే ఇంత కట్టాలని చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. ఆ గడువు దాటిందో లేదో చూసుకోవాలి. దాటకపోతే అందులో రాసిన మొత్తమంతా ఓనర్‌కు దక్కి తీరుతుందని కాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సముచితమైన పరిహారమే ఇప్పిస్తారు. అయితే కోర్టుకు వెళ్లి తేల్చుకోవాల్సిన ఆ వాదన అడ్వాన్సు ఓనర్ చేతిలో ఉన్నప్పుడు ఆచరణలో పెద్దగా అక్కరకు రాదు. అందువల్ల లాక్-ఇన్ లోపల వెళ్లేవారు మాట్లాడుకుని రాజీపడటమే మేలు.

11 నెలలు గడిచిపోయి, కొత్త కాగితం రాసుకోకుండానే అద్దె కడుతూ, ఓనర్ తీసుకుంటూ ఉంటే అది నెలవారీ అద్దెగా మారుతుంది. అప్పుడు వేరే ఒప్పందం లేకపోతే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెప్పే 15 రోజుల నోటీసు సరిపోతుంది. నోటీసు లిఖితపూర్వకంగా ఉండాలని, ఇచ్చేవారి సంతకం ఉండాలని, అది అవతలివారికి అందిన రోజు నుంచి గడువు లెక్క మొదలవుతుందని అదే సెక్షన్ చెబుతోంది. రాసిన తేదీకీ అందిన తేదీకీ ఉన్న ఈ తేడాను చాలామంది పట్టించుకోరు. 10వ తేదీన రాసి 14న అందితే గడువు 14 నుంచే.

అద్దె విషయంలో అందరికీ తెలియాల్సిన సూత్రం కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్‌లో ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక మాట ఇస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, మాట పుచ్చుకున్న వ్యక్తి వారిలో ఎవరి నుంచైనా మొత్తం రాబట్టుకోవచ్చు. నెల అద్దె రూ.36,000 అయితే, ఒకరు వెళ్లిపోయారు కాబట్టి మిగిలిన ఇద్దరూ తమ వాటాలే కడతామంటే ఓనర్ ఒప్పుకోనక్కరలేదు. రూ.36,000 కోసం ఇంట్లో ఉన్నవారిని అడగవచ్చు, వెళ్లిపోయినవారిని కూడా అడగవచ్చు. ఎవరు ఏ గదిలో పడుకుంటున్నారన్నది ఓనర్‌కు సంబంధం లేని విషయం.

మొత్తం కట్టినవారు మిగతావారి నుంచి వాటా రాబట్టుకోవచ్చని అదే సెక్షన్ చెబుతుంది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. వేరుగా అనుకున్నట్టు కనబడకపోతే వాటాలు సమానమని చట్టం భావిస్తుంది. అటాచ్డ్ బాత్‌రూమ్ ఉన్న పెద్ద గదికి రూ.14,000, మిగతా రెండు గదులకు రూ.11,000 చొప్పున అనుకున్న ముగ్గురు ఆ సంగతి ఎక్కడా రాసుకోకపోతే, గొడవ వచ్చిన రోజున లెక్క తలా రూ.12,000 నుంచి మొదలవుతుంది. ఆ వాటాల ప్రకారం నెలనెలా యూపీఐలో పంపిన డబ్బు రికార్డే అప్పుడు ఆధారం. ఇంట్లో దిగిన రోజునే 'పెద్ద గది 14, మిగతావి 11, 11' అని గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి ముగ్గురూ సరే అంటే ఈ చిక్కు ఉండదు.

44వ సెక్షన్ గురించి ఇంకా తక్కువమందికి తెలుసు. కలిసి మాట ఇచ్చినవారిలో ఒకరిని ఓనర్ వదిలేసినా మిగతావారి బాధ్యత తగ్గదు. అంతకన్నా ముఖ్యంగా, ఓనర్ వదిలేసిన ఆ ఒక్కరికి తన తోటివారి పట్ల ఉన్న బాధ్యత కూడా పోదు. 'ఓనర్‌తో మాట్లాడేశాను, ఆయన సరే అన్నారు' అని చెప్పి వెళ్లిపోయినవారు సగం దూరమే వచ్చినట్టు. ఓనర్ ఇచ్చే విడుదల ఒకటి, ఇంట్లోవాళ్లు ఇచ్చే విడుదల మరొకటి. రెండూ కావాలి.

కాబట్టి నోటీసు కూడా ఇద్దరికీ వెళ్లాలి. ఓనర్ ఒక్కరికే ఇస్తే ఇంట్లోవాళ్లకు విషయం ఆలస్యంగా తెలుస్తుంది, మనసులు కూడా నొచ్చుకుంటాయి. ఇంట్లోవాళ్లకు మాత్రమే చెబితే ఓనర్ దృష్టిలో ఏమీ జరగనట్టే. ఒకే ఉత్తరం అందరి పేరునా రాయడం సులువు. పెద్ద భాష అక్కరలేదు. అది ఇలా ఉండవచ్చు:

'ఫలానా ఫ్లాటుకు సంబంధించి జూన్ 1న మనం చేసుకున్న అద్దె అగ్రిమెంటులో నేను ఒక అద్దెదారును. ఉద్యోగరీత్యా బదిలీ కావడంతో ఫిబ్రవరి 9 తర్వాత ఈ ఇంట్లో ఉండబోవడం లేదు. అగ్రిమెంటు ప్రకారం ఒక నెల ముందుగా ఈ నోటీసు ఇస్తున్నాను. మిగతా ఇద్దరూ ఇంట్లో కొనసాగుతారు. నా స్థానంలో ఓనర్ గారికీ మిగతా ఇద్దరికీ సమ్మతమైన వ్యక్తి వచ్చేవరకు, లేదా ఫిబ్రవరి 28 వరకు, ఏది ముందైతే అంతవరకు నా వాటా అద్దె రూ.11,000, మెయింటెనెన్స్ రూ.1,500 లెక్కన కడతాను. అడ్వాన్సులో నా వాటా రూ.24,000. దాని సర్దుబాటుకు, నా పేరు తొలగించి కొత్త అగ్రిమెంటు రాసుకోవడానికి మీ అంగీకారం తెలియజేయగలరు.'

ఇందులో 'మిగతా ఇద్దరూ కొనసాగుతారు' అన్న వాక్యం చాలా అవసరం. అది లేకపోతే మొత్తం ఇల్లు ఖాళీ అవుతోందని ఓనర్ అనుకుని టు-లెట్ బోర్డు పెట్టిన సందర్భాలుంటాయి. 'ఏది ముందైతే అంతవరకు' అన్న మాట కూడా అంతే కీలకం. బయటికెళ్లే వ్యక్తి బాధ్యతకు అది ఒక చివరి తేదీ పెడుతుంది. ఆ చివరి తేదీకి మిగతా ఇద్దరూ 'సరే' అని జవాబు రాస్తేనే అది వారిని కట్టిపడేస్తుంది. జవాబు రాకపోతే అది వెళ్లేవారి కోరికగానే మిగిలిపోతుంది. 11 నెలల గడువు ముగిసే ఏప్రిల్ 30 వరకు వాటా అడిగే అవకాశం మిగతావారికి ఉంటుంది.

ఉత్తరాన్ని సంతకం చేసి ఓనర్ చేతికిచ్చి, రెండో ప్రతి మీద 'అందింది' అని సంతకం, తేదీ తీసుకోవడం అన్నిటికన్నా మంచిది. ఓనర్ వేరే ఊళ్లోనో విదేశంలోనో ఉంటే ఫొటో తీసి వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ పంపి, అగ్రిమెంటులో ఉన్న చిరునామాకు స్పీడ్ పోస్టు కూడా వేయాలి. ఫోన్‌లో చెప్పిన మాటకు తేదీ ఉండదు.

ఇక లెక్కల సంగతి. పై ఉత్తరంలోని ఇంటినే తీసుకుందాం. ఇది ఉదాహరణ కోసం కట్టిన లెక్కే గానీ, అంకెలు అలాంటి ఇళ్లలో ఉండేవే. అద్దె రూ.36,000. మెయింటెనెన్స్ రూ.4,500, ముగ్గురికీ సమానంగా రూ.1,500. అడ్వాన్సు రెండు నెలల అద్దె, అంటే రూ.72,000, తలా రూ.24,000 పెట్టారు. ఖాళీ చేసేటప్పుడు రంగులకు రూ.18,000 కోసుకుంటామని అగ్రిమెంటులో ఉంది. చిన్న గదిలోని వ్యక్తి జనవరి 10న నోటీసు ఇచ్చారు, మిగతా ఇద్దరూ ఆ షరతులకు సరే అన్నారు. గదిలోకి కొత్త వ్యక్తి ఫిబ్రవరి 16న వచ్చారు.

ఫిబ్రవరికి 28 రోజులు. 1 నుంచి 15 వరకు 15 రోజుల వాటా వెళ్లేవారిది, 16 నుంచి 28 వరకు 13 రోజులది వచ్చినవారిది. అద్దెలో ఆ లెక్క రూ.5,893, రూ.5,107. మెయింటెనెన్స్‌లో రూ.804, రూ.696. ఇందులో 10వ తేదీ నుంచి 15 వరకు గది ఖాళీగా ఉన్న ఆరు రోజులు గమనించదగ్గవి. నోటీసు గడువు 9తోనే అయిపోయింది కాబట్టి ఆ ఆరు రోజులు తనవి కావని వెళ్లిన వ్యక్తి అనవచ్చు. 'ఏది ముందైతే' అన్న మాట ముందే రాసి ఒప్పుకున్నారు కాబట్టే ఇక్కడ వాదనకు తావు లేదు. కరెంటు బిల్లుకు ఇలాంటి లెక్క కన్నా వెళ్లే రోజు మీటర్ రీడింగును ఫొటో తీసి ఉంచుకుని, బిల్లు వచ్చాక అప్పటివరకు వాడిన యూనిట్ల మేరకు పంచుకోవడం న్యాయం. ఒకే గదిలో ఏసీ ఉంటే ఈ పంపకం గురించి ముందే అనుకోవాలి.

అడ్వాన్సు దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. వెళ్లేవారు ముందుగా ఓనర్‌కు ఫోన్ చేసి 'నా రూ.24,000 ఇచ్చేయండి' అని అడుగుతారు. ఓనర్ ఇవ్వరు, ఇవ్వాల్సిన బాధ్యత కూడా అప్పటికి లేదు. ఆయన తీసుకున్నది రూ.72,000. అది ముగ్గురికీ కలిపి, ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగి ఇవ్వాల్సిన మొత్తం. ఇల్లు ఇంకా ఖాళీ కాలేదు. అడ్వాన్సులో వాటాలు ఇంట్లోవాళ్ల మధ్య లెక్క మాత్రమే. అందువల్ల ఆచరణలో వెళ్లేవారి డబ్బు ఓనర్ దగ్గర్నుంచి రాదు, కొత్తగా వచ్చేవారి దగ్గర్నుంచి వస్తుంది. కొత్తవారు ఆ వాటాను వెళ్లేవారికి ఇచ్చి, ఓనర్ దగ్గరున్న రూ.72,000లో వారి స్థానంలోకి వస్తారు.

ఎంత ఇవ్వాలన్నది అసలు ప్రశ్న. మామూలుగా రూ.24,000 పూర్తిగా ఇచ్చేస్తారు. అలా ఇచ్చిన కొత్త వ్యక్తి, తాను రాకముందు ఇంటికి జరిగిన నష్టమంతా తన నెత్తిన వేసుకున్నట్టు. ఏప్రిల్ 30న ఓనర్ కోతలు వేసే రోజుకు పాత వ్యక్తి ఊళ్లో ఉండరు. అందుకే వెళ్లే రోజున ముగ్గురూ, వీలైతే కొత్త వ్యక్తి కూడా కలిసి ఇల్లంతా ఒకసారి తిరిగి చూడాలి. పై ఇంట్లో వాష్ బేసిన్ పగులు కనబడింది. అది అందరూ వాడేది, ఎప్పుడు పగిలిందో తెలియదు, మార్చడానికి రూ.3,000. తలా వెయ్యి. చిన్న గది తలుపు గడియ విరిగింది, బాగుకు రూ.1,200. అది ఆ గదిలో ఉన్నవారిదే.

రంగుల ఖర్చు కొంచెం ఆలోచించాల్సినది. రూ.18,000లో ఒక్కో వాటా రూ.6,000. ఇల్లు 11 నెలలకు ఖాళీ అవుతుందనుకుంటే, వెళ్లేవారు ఆ గదిలో ఎనిమిదిన్నర నెలలు ఉన్నారు, కొత్తవారు రెండున్నర నెలలు ఉంటారు. రూ.6,000ను అదే నిష్పత్తిలో విడగొడితే వెళ్లేవారికి రూ.4,636, వచ్చేవారికి రూ.1,364. అంటే వెళ్లేవారి మీద పడేది రంగులకు రూ.4,636, బేసిన్‌కు రూ.1,000, గడియకు రూ.1,200, మొత్తం రూ.6,836. రూ.24,000లో అది పోగా కొత్త వ్యక్తి వారికి ఇవ్వాల్సింది రూ.17,164.

ఈ లెక్క సరిగ్గా ఉందో లేదో పరీక్షించడానికి ఒక దారి ఉంది. కొత్త వ్యక్తి కోణం నుంచి ఆఖరి రోజు దాకా నడిపి చూడాలి. ఏప్రిల్ 30న ఓనర్ రంగులు, బేసిన్, గడియ అన్నీ కోసుకుంటే ఆ వాటా మీద పడే కోత రూ.8,200. రూ.24,000లో మిగిలేది రూ.15,800. ఇచ్చింది రూ.17,164, చేతికొచ్చింది రూ.15,800, తేడా రూ.1,364. సరిగ్గా తానున్న రెండున్నర నెలల రంగుల ఖర్చు. పాత నష్టం ఒక్క రూపాయి కూడా తన మీద పడలేదు. కోత లేకుండా రూ.24,000 ఇచ్చి ఉంటే అదే వ్యక్తి రూ.8,200 పోగొట్టుకునేవారు.

ఒక పరిమితి చెప్పుకోవాలి. ఏప్రిల్‌లో ఇల్లు ఖాళీ చేయకుండా అగ్రిమెంటు మరో 11 నెలలు పొడిగిస్తే రంగుల ఖర్చు 22 నెలలకు విస్తరిస్తుంది, వెళ్లినవారి వాటా తగ్గాల్సింది. ఆ తేడా కోసం ఏడాది తర్వాత వెతుక్కుంటూ తిరగడం కుదరని పని. కాబట్టి వెళ్లే రోజున తెలిసిన గడువు ప్రకారం లెక్క తేల్చి, 'ఇదే తుది పరిష్కారం, ఇకపై ఒకరినొకరు అడిగేది లేదు' అని నలుగురూ రాసుకోవడమే నయం. నష్టం ఖర్చు అంచనాలో కొద్దిగా తేడా వచ్చినా ఆ ఒక్క వాక్యం విలువ అంతకన్నా ఎక్కువ.

కొత్త వ్యక్తిని తేవడం ఎవరి బాధ్యత అన్నదానికి చట్టంలో సూటి జవాబు లేదు. వెళ్లేవారు తేవాలన్నది వాడుక. మిగతా ఇద్దరికి నచ్చకపోతే కాదనవచ్చు. కానీ వచ్చిన ప్రతివారినీ కాదంటూ వెళ్లినవారి దగ్గర నెలల తరబడి అద్దె అడగడం న్యాయం కాదు. ఇలాంటి చోట ముందే పెట్టుకున్న చివరి తేదీ ఇరుపక్షాలనూ కాపాడుతుంది.

ఓనర్ అనుమతి మాత్రం తప్పనిసరి. ఒప్పందంలో మరోలా లేకపోతే అద్దెదారు తన హక్కును ఇంకొకరికి బదిలీ చేయవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెప్పే మాట నిజమే. కానీ దాదాపు ప్రతి అగ్రిమెంటులోనూ 'సబ్‌లెట్ చేయరాదు, ఇతరులకు ఇవ్వరాదు' అన్న షరతు ఉంటుంది, ఆ షరతుదే పైచేయి. పైగా ఆ సెక్షన్ ప్రకారం బదిలీ చేసినంత మాత్రాన పాత అద్దెదారు బాధ్యత తీరిపోదు. అనుమతి లేకుండా కొత్త వ్యక్తిని దింపితే, షరతు మీరారన్న కారణంతో ముగ్గురినీ ఖాళీ చేయమనే అవకాశం ఓనర్‌కు ఇచ్చినట్టే. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు కూడా కొత్తవారి గుర్తింపు కార్డు ప్రతి, పోలీసు వెరిఫికేషన్ అడుగుతాయి. అవి లేకపోతే సామాను గేటు దగ్గరే ఆగుతుంది.

అనుమతి వచ్చాక రాసే కాగితం రెండు రకాలు. మిగతా ఇద్దరూ కొత్త వ్యక్తీ కలిసి ఓనర్‌తో పూర్తిగా కొత్త అగ్రిమెంటు రాసుకోవడం ఒకటి. పాతది రద్దై కొత్తది వచ్చిందని కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ గుర్తించేది దీన్నే. వెళ్లేవారికి ఇంతకన్నా గట్టి రక్షణ లేదు. రెండోది, పాత అగ్రిమెంటుకు ఒక పేజీ అనుబంధం చేర్చి ఓనర్‌తో సహా ఐదుగురూ సంతకం చేయడం. అందులో నాలుగు సంగతులు స్పష్టంగా ఉండాలి: ఫలానా తేదీ నుంచి ఫలానావారు అద్దెదారు కారు, వారిపై ఓనర్‌కు ఎలాంటి బాకీ లేదు, కొత్తవారు అదే తేదీ నుంచి అన్ని షరతులకూ కట్టుబడతారు, ఓనర్ దగ్గరున్న రూ.72,000 ఇకపై ఈ ముగ్గురిదే. ఈ నాలుగోది లేకపోతే ఏప్రిల్‌లో ఓనర్ పాత వ్యక్తి ఖాతాకే రూ.24,000 వేసి చేతులు దులుపుకోవచ్చు.

డబ్బు ఇచ్చే క్రమం కూడా ముఖ్యమే. ముందు ఓనర్ అనుమతి, తర్వాత సంతకాలు, ఆ తర్వాతే కొత్త వ్యక్తి నుంచి వెళ్లేవారికి డబ్బు. గది చూసిన రోజునే 'టోకెన్' పేరిట రూ.10,000 పంపి, ఓనర్ ఒప్పుకోక, ఆ డబ్బు కోసం తిరిగేవారు తక్కువేమీ కాదు. డబ్బు పంపేటప్పుడు యూపీఐలో 'ఫ్లాటు అడ్వాన్సు వాటా' అని ఒక మాట రాస్తే చాలు, తర్వాత అది చేబదులా అడ్వాన్సా అన్న ప్రశ్న రాదు. వెళ్లేవారు ఇంటి అద్దె భత్యం పన్ను మినహాయింపు తీసుకుంటుంటే, ఉన్నన్ని నెలలకూ తన వాటా అద్దెకు ఓనర్ సంతకంతో రసీదులు అప్పుడే తీసుకోవాలి. ఊరు దాటాక అవి దొరకడం కష్టం.

ఇంతవరకూ చెప్పినదంతా ముగ్గురూ సంతకం చేసిన అగ్రిమెంటు గురించి. ఒక్కరి పేరునే అగ్రిమెంటు ఉండి మిగతావారు ఊరికే ఉండే ఇళ్లు కూడా చాలా ఉన్నాయి. వాటిలో పేరు లేని వ్యక్తి వెళితే ఓనర్‌తో పని లేదు. నోటీసు, అడ్వాన్సు అన్నీ పేరున్న స్నేహితుడితోనే తేల్చుకోవాలి. పేరున్న వ్యక్తే వెళ్లిపోతే పరిస్థితి తిరగబడుతుంది. ఇంట్లో మిగిలినవారికి ఓనర్‌తో ఏ ఒప్పందమూ ఉండదు, అడ్వాన్సు మొత్తం వెళ్లే వ్యక్తికే ఓనర్ తిరిగి ఇవ్వవచ్చు. అలాంటి ఇంట్లో ఉండేవారు, పేరున్న స్నేహితుడు ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నాడని తెలిసిన వెంటనే తమ పేరున కొత్త అగ్రిమెంటు రాయమని ఓనర్‌ను అడగాలి.

దేశం మారితే నోటీసు ప్రభావమే మారిపోతుంది. ఇంగ్లండ్‌లో కలిసి ఇల్లు తీసుకునే తెలుగు విద్యార్థులకు ఇది తెలియకపోతే పెద్ద ఇబ్బంది. అక్కడ గడువు ముగిసి నెలవారీగా నడుస్తున్న ఉమ్మడి అద్దెలో ఒక్కరు సరైన నోటీసు ఇచ్చినా అందరి అద్దె హక్కూ ముగిసిపోతుందని హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక ప్రసిద్ధ తీర్పులో చెప్పింది. ఇక్కడ ఒకరి నోటీసుతో ఏమీ రద్దు కాదు, అక్కడ అన్నీ రద్దవుతాయి. అక్కడి స్నేహితులు ఓనర్‌కు ఉత్తరం రాయడానికి ముందే ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడుకోవడం తప్పనిసరి.

ఓనర్ ఎలాగూ ఒప్పుకోకపోతే మూడే దారులు. మిగతా ఇద్దరూ మొత్తం అద్దె భరిస్తామని, వెళ్లినవారిని ఏమీ అడగబోమని రాసివ్వడం మొదటిది. ఓనర్ ముందు పేరు ఉండిపోయినా తోటివారి నుంచి రక్షణ ఉంటుంది. గడువు ముగిసేవరకు వాటా కడుతూ, అది ముగిసిన రోజున పొడిగింపు మీద సంతకం చేయకపోవడం రెండోది. రెండు మూడు నెలలే మిగిలి ఉంటే ఇదే చవక. ముగ్గురూ కలిసి నోటీసు ఇచ్చి ఇల్లు వదిలేయడం మూడోది.

గొడవ ముదిరి, మిగతా ఇద్దరూ వెళ్లిన వ్యక్తి వాటా కట్టాల్సి వస్తే, కట్టిన ప్రతి నెలకూ ఓనర్ రసీదు, బ్యాంకు వివరం దాచుకుని ముందుగా లిఖితపూర్వకంగా అడగాలి. ఆ తర్వాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర కేసు వేయకముందే రాజీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు లేకుండా ఇరువర్గాలనూ పిలిపిస్తారు. ఇరవై ముప్పై వేల తగాదాకు సివిల్ కోర్టు కన్నా అదే తగిన చోటు. కోర్టుకే వెళ్లాల్సి వస్తే సాధారణంగా మూడేళ్ల లోపు దావా వేయాలి. అప్పుడు సాక్ష్యంగా నిలిచేవి ఆనాటి నోటీసు, దానికి వచ్చిన 'సరే' అన్న జవాబు, ఇల్లు తిరిగి చూసిన రోజు ఫొటోలు, నలుగురి సంతకాలున్న లెక్క కాగితం. వాట్సాప్ మెసేజ్‌లు కూడా సాక్ష్యమే గానీ, స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. చట్టం అడిగే ధ్రువపత్రం జతచేయాలి, అందుకు అసలు మెసేజ్ ఫోన్‌లో ఉండాలి. కాబట్టి లెక్క పూర్తిగా తేలేవరకు వెళ్లినవారు ఆ గ్రూపులోంచి బయటికి వచ్చినా చాట్‌ను చెరిపేయకూడదు.